నికోటిన్ గమ్, ప్యాచ్: వాడే తీరు తెలిస్తేనే ఫలితం

సిగరెట్టు మానడానికి నికోటిన్ గమ్ వాడి చూశామని చెప్పేవాళ్లు చాలామంది తారసపడతారు. వాళ్లలో ఎక్కువమంది మాట ఒక్కటే: "వాడానండీ, లాభం లేదు." ఎలా వాడారని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒకాయన దాన్ని మామూలు చూయింగ్ గమ్ అనుకుని గబగబా నమిలారు. గొంతు మండింది, ఎక్కిళ్లు పట్టుకున్నాయి, ఊసేశారు. ఇంకొకాయన రోజుకు పదిహేను సిగరెట్లు తాగే మనిషి, రెండు గమ్‌లతో రోజంతా నెట్టుకు రావాలని చూశారు. మూడో ఆయనకు రెండు వారాలకే బాగుందనిపించి గమ్ ఆపేశారు. నెల తిరిగేసరికి సిగరెట్టు పెట్టె మళ్లీ జేబులోకి వచ్చింది.

ముగ్గురికీ మందు పనిచేయలేదనే అనిపించింది. నిజానికి వాళ్లకు అందాల్సిన మందు అందలేదు. ఒకరికి నమిలే పద్ధతి తెలియదు, ఒకరికి మోతాదు చాలలేదు, ఒకరికి గడువు చాలలేదు. ఈ మూడూ సరిచూసుకుంటే నికోటిన్ గమ్, ప్యాచ్ ఎంతవరకు సాయపడతాయో, ఎంతవరకు సాయపడలేవో తేలిగ్గా అర్థమవుతుంది.

పొగలో ఉన్నదీ, మందులో ఉన్నదీ

సిగరెట్టు వదలనివ్వకుండా పట్టి ఉంచేది నికోటిన్. క్యాన్సర్లు, ఊపిరితిత్తుల జబ్బులు, గుండెపోటు తెచ్చిపెట్టేది ప్రధానంగా పొగ. అందులోని తారు, కార్బన్ మోనాక్సైడ్, కాలినప్పుడు పుట్టే వేలాది రసాయనాలు ఒంటిని పాడుచేస్తాయి. ఈ రెండింటినీ విడదీయడమే గమ్, ప్యాచ్‌ల వెనక ఉన్న ఆలోచన. పొగను ఒక్కసారిగా ఆపేస్తాం. నికోటిన్‌ను మాత్రం కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా ఇస్తూ, తగ్గిస్తూ వచ్చి, చివరకు అదీ ఆపేస్తాం.

అయితే రెండు దారుల్లో నికోటిన్ చేరే వేగం ఒకటి కాదు. దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో పొగలోని నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి మెదడుకు చేరిపోతుంది. గమ్‌తో రక్తంలో నికోటిన్ గరిష్ఠ స్థాయికి రావడానికి దాదాపు అరగంట పడుతుంది. ప్యాచ్‌తోనైతే కొన్ని గంటలు. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. నికోటిన్ ఎంత వేగంగా మెదడును తాకితే అంత బలంగా అలవాటు పడుతుంది. నెమ్మదిగా వస్తే అంతగా పట్టుకోదు, కాబట్టి వదిలించుకోవడం తేలిక.

ఈ నెమ్మదితనం వల్లే ఒక నిరాశ కూడా ఎదురవుతుంది. మొదటి దమ్ముకు కలిగే హాయి గమ్‌తో రాదు, ప్యాచ్‌తో అసలే రాదు. ఆ హాయి కోసం ఎదురుచూసినవాళ్లు మొదటి రోజే పెదవి విరుస్తారు. వీటి పని హాయినివ్వడం కాదు. పొగ మానినప్పుడు వచ్చే చిరాకు, ఆందోళన, ఏకాగ్రత కుదరకపోవడం, నిద్ర చెడిపోవడం, ఊరికే ఆకలి వేయడం లాంటివాటిని తట్టుకునే స్థాయికి తగ్గించడం. తహతహ పూర్తిగా పోదు. కానీ లొంగిపోక తప్పదనిపించేంత బలంగా ఉండదు.

నోటి నుంచి రక్తంలోకి

నికోటిన్ గమ్ స్వీడన్‌లో పుట్టింది. పొగతాగే జలాంతర్గామి సిబ్బందికి నీటి అడుగున సిగరెట్టు వెలిగించే వీలు ఉండదు. వాళ్లు నోటి పొగాకుతో కాలం గడుపుతున్నారని గమనించిన లుండ్‌లోని పరిశోధకులు 1967లో ఓవ్ ఫెర్నో అనే శాస్త్రవేత్తకు ఆ సంగతి రాశారు. హెల్సింగ్‌బోరీలోని ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్న ఫెర్నో, నోటి ద్వారా నికోటిన్ ఇచ్చే మార్గం కోసం ఏళ్ల తరబడి పనిచేసి గమ్ తయారుచేశారు. అది 1978లో స్విట్జర్లాండ్‌లో, 1984లో అమెరికాలో మందుగా అనుమతి పొందింది.

ఆయనకు ఎదురైన పెద్ద చిక్కు ఆమ్లం. నోరు పుల్లగా ఉంటే నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా రక్తంలోకి వెళ్లదు. ఈ సంగతికి ఉదాహరణ మన పొగాకు చేలలోనే ఉంది. ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో పండి, బ్యారన్లలో కాల్చిన వర్జీనియా ఆకుతో చేసే సిగరెట్టు పొగకు ఆమ్ల గుణం ఉంటుంది. అందుకే దాన్ని నోట్లో ఉంచుకుంటే నికోటిన్ పెద్దగా అందదు, గుండెల నిండా పీల్చాల్సిందే. గాలికి ఆరబెట్టిన ఆకుతో చుట్టే చుట్ట పొగకు క్షార గుణం ఎక్కువ. చుట్ట తాగేవాళ్లకు పొగ మింగకపోయినా నోటి నుంచే నికోటిన్ అందుతుంది.

గమ్‌లోనూ క్షార గుణమున్న లవణాలు కలుపుతారు. నమిలినప్పుడు అవి నోటిని కాసేపు క్షారంగా మార్చి నికోటిన్‌కు దారి ఇస్తాయి. అదే సమయంలో కాఫీ తాగినా, నిమ్మరసం, పళ్లరసం, కూల్‌డ్రింక్ తాగినా ఆ ఏర్పాటంతా దెబ్బతింటుంది. నికోటిన్ లాలాజలంతో పాటు కడుపులోకి జారిపోతుంది. కడుపు నుంచి వెళ్లిన నికోటిన్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం మధ్యలోనే విరిచేస్తుంది కాబట్టి మెదడుకు చేరేది తక్కువ. మనిషికి మిగిలేవి ఎక్కిళ్లు, గుండెల్లో మంట, వికారం. "లాభం లేదు" అన్న మాట పుట్టేది ఇక్కడే.

అందువల్ల గమ్ వేసుకునే ముందు 15 నిమిషాలు, అది నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్లు తప్ప ఏమీ తాగకూడదు, తినకూడదు. టీ తాగితే నోరు పుక్కిలించి, పావుగంట ఆగి వేసుకోవాలి.

నమిలే పద్ధతి ఇది. గమ్ నోట్లో వేసుకుని నిదానంగా నమలాలి. పది, పదిహేను సార్లు నమిలేసరికి నాలుక మీద మిరియం ఘాటు లాంటిది తగులుతుంది, లేదా చిగుళ్ల దగ్గర చిమచిమలాడుతుంది. ఆ క్షణంలో నమలడం ఆపేసి, కిళ్లీని దవడన పెట్టుకున్నట్టు గమ్‌ను బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఒక నిమిషానికి ఆ చిమచిమ తగ్గుతుంది. మళ్లీ నాలుగైదు సార్లు నమిలి, ఘాటు రాగానే ఈసారి రెండో దవడన పెట్టుకోవాలి. ఇలా అరగంట గడిచాక ఎంత నమిలినా ఘాటు రాదు. అప్పటికి మందు అయిపోయినట్టు. కాగితంలో చుట్టి, పిల్లలకు అందని చోట పారేయాలి.

సరిగ్గా నమిలినా 2 మిల్లీగ్రాముల గమ్ నుంచి ఒంట్లోకి చేరేది సుమారు సగమే, అంటే దాదాపు 1 మిల్లీగ్రాము. ఒక సిగరెట్టు నుంచి అందేదీ ఇంచుమించు అంతే. రోజుకు పదిహేను సిగరెట్లు తాగే మనిషికి రెండు గమ్‌లు ఎందుకు చాలవో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ఎంత, ఎన్నాళ్లు

మోతాదు తేల్చడానికి వైద్యులు అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: పొద్దున లేచాక మొదటి సిగరెట్టు ఎంతసేపటికి వెలిగిస్తారు? రాత్రంతా నిద్రలో నికోటిన్ అందదు. లేచిన అరగంటలోపే సిగరెట్టు కావాలంటే అలవాటు గట్టిగా ఉన్నట్టు. వాళ్లకు 4 మిల్లీగ్రాముల గమ్ అవసరం. అరగంట దాటాక తాగేవాళ్లకు 2 మిల్లీగ్రాములు సరిపోతుంది. మన దేశంలో 2 మిల్లీగ్రాముల గమ్ మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. 4 మిల్లీగ్రాములది కావాలంటే చీటీ అడుగుతారు. అలవాటు గట్టిగా ఉన్నవాళ్లు ఒకసారి డాక్టరును కలవడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

ఒక్క గమ్‌తోనే మానాలనుకుంటే గడువు 12 వారాలు. మొదటి 6 వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి చొప్పున వేసుకోవాలి. రోజుకు కనీసం 9 అయినా పడాలి. 24కు మించకూడదు. తర్వాతి 3 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి 3 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. తహతహ ముదిరేదాకా ఆగి అప్పుడు వేసుకుందామనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. గమ్ పనిచేయడానికి సమయం కావాలి కాబట్టి, తహతహ వచ్చే వేళకు ముందే అది నోట్లో ఉండాలి. గడియారం చూసి వేసుకోమనేది అందుకే.

ప్యాచ్ పద్ధతి ఇంతకన్నా సులువు. చర్మానికి అతికించుకునే ఈ పట్టీ నుంచి నికోటిన్ రోజంతా సన్నగా, ఒకే తీరున లోపలికి ఇంకుతుంది. రోజుకు 10 సిగరెట్ల కన్నా ఎక్కువ తాగేవాళ్లు 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెట్టి 6 వారాలు, ఆపైన 14 మిల్లీగ్రాములది 2 వారాలు, 7 మిల్లీగ్రాములది 2 వారాలు వాడతారు. 10 లేదా అంతకన్నా తక్కువ తాగేవాళ్లు 14తో మొదలుపెట్టి 6 వారాలు, తర్వాత 7తో 2 వారాలు. కంపెనీని బట్టి ఈ గడువుల్లో కొంచెం తేడా ఉండొచ్చు, పెట్టె మీద రాసింది చూసుకోవాలి. బీడీలు తాగేవాళ్లు బీడీ చిన్నది కదా అని లెక్క తగ్గించుకోకూడదు. బీడీ నుంచి అందే నికోటిన్ సిగరెట్టుకు తీసిపోదు.

ప్యాచ్‌ను పొద్దున, వెంట్రుకలు లేని, శుభ్రంగా తుడిచి ఆరిన చర్మం మీద అతికించాలి. భుజానికి దగ్గరగా చేతి పైభాగం, ఛాతీ, వీపు పైభాగం, నడుము పక్క భాగం అనుకూలం. అరచేత్తో పది సెకన్లు గట్టిగా అదిమి పెట్టి, తర్వాత చేతులు కడుక్కోవాలి. నూనె, క్రీము రాసిన చోట అంటదు. చెమట ఎక్కువ పట్టే మన ఎండాకాలంలో అంచులు లేస్తుంటే పైన మెడికల్ టేపు వేసుకోవచ్చు. మర్నాడు కొత్తది ఇంకో చోట పెట్టాలి, ఒకసారి పెట్టిన చోట వారం దాకా మళ్లీ పెట్టకూడదు. స్నానం చేయొచ్చు. ప్యాచ్ మీద వేడి కాపడం మాత్రం పెట్టకూడదు, వేడికి నికోటిన్ ఎక్కువ వేగంగా దిగుతుంది. డాక్టరు చెప్పకుండా ప్యాచ్‌ను కత్తిరించి వాడొద్దు. తీసేసిన ప్యాచ్‌లో ఇంకా మందు మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లల చేతికీ పెంపుడు జంతువుల నోటికీ చిక్కకుండా పారేయాలి.

రెండూ కలిపి వాడితే

ప్యాచ్ రోజంతా ఒకే స్థాయిలో నికోటిన్ ఇస్తుంది గానీ, భోజనం అయ్యాకో, ఎవరితోనైనా మాటామాటా పెరిగాకో ఒక్కసారిగా ఎగసే తహతహను ఆపలేదు. గమ్ ఆ పని చేస్తుంది గానీ, రోజంతా సమంగా ఉంచలేదు. అందుకే ఈ రెండింటినీ కలిపి వాడటం ఒక్కదాన్నే వాడటం కన్నా మెరుగని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కూడా ఈ జోడింపు ఉంది.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. విజయవాడలో బట్టల దుకాణంలో పనిచేసే నలభై అయిదేళ్ల మనిషి ఉన్నాడనుకుందాం. రోజుకు పదిహేను సిగరెట్లు. లేచిన పది నిమిషాలకు టీతో మొదటిది. మధ్యాహ్నం భోజనం కాగానే ఒకటి, రాత్రి దుకాణం కట్టేశాక స్నేహితులతో వరుసగా రెండు మూడు. వేరే జబ్బులేవీ లేవు. డాక్టరు ఆయనకు 21 మిల్లీగ్రాముల ప్యాచ్, దాంతో పాటు 2 మిల్లీగ్రాముల గమ్ రాశారు. ప్యాచ్ తోడుంటుంది కాబట్టి గమ్ చిన్నది సరిపోయింది.

మానే రోజు ముందే ఖాయం చేసుకుని, ఆ రాత్రే ఇంట్లో ఉన్న సిగరెట్లు, లైటరు, యాష్‌ట్రే తీసేశాడు. పొద్దున లేవగానే ప్యాచ్ పెట్టుకున్నాడు. ప్యాచ్ అందుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది, కానీ ఆయన మొదటి గండం పది నిమిషాల్లోనే ఉంది. అందుకని ముఖం కడుక్కోగానే గమ్ వేసుకుని, టీని అరగంట వెనక్కి జరిపాడు. ఈ ఒక్క మార్పు రెండు పనులు చేసింది. గమ్‌కు టీ అడ్డురాలేదు, టీకీ సిగరెట్టుకూ ఉన్న జోడీ తెగింది. భోజనం అయ్యాక నోరు పుక్కిలించి, పావుగంట ఆగి ఒకటి, సాయంత్రం రద్దీ మొదలయ్యే ముందు ఒకటి, దుకాణం కట్టే వేళకు ఒకటి, మధ్యలో తహతహ వస్తుందనిపించినప్పుడు ఒకటీ రెండూ. రోజుకు ఐదారు గమ్‌లు అయ్యాయి.

రెండో రోజు, మూడో రోజు కష్టంగా గడిచాయి. ఖాతాదారుల మీద విసుక్కున్నాడు, లెక్కలు తప్పాడు. మానిన వాళ్లలో ఈ బాధలు మొదటి వారంలోనే ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఆయనకు రాత్రిళ్లు విచిత్రమైన కలలు కూడా వచ్చాయి. అది రాత్రి పూట కూడా ప్యాచ్ నుంచి నికోటిన్ అందడం వల్ల. డాక్టరు సలహాతో పడుకునే ముందు ప్యాచ్ తీసేయడం మొదలుపెట్టాడు, కలలు తగ్గాయి. పొద్దున లేవగానే తహతహ కొంచెం పెరిగింది, దానికి గమ్ ఉండనే ఉంది. చేతులు వణుకుతున్నాయని, గుండె దడగా ఉందని చెబితే, రోజుకు ఐదు కప్పుల కాఫీ, టీలను సగానికి తగ్గించమన్నారు. పొగతాగేవాళ్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా విరిచేస్తుంది. పొగ ఆగిన కొద్ది రోజులకే ఆ వేగం తగ్గి, అవే కప్పుల కాఫీకి ఒంట్లో కెఫీన్ పెరుగుతుంది. ఈ దడను చాలామంది ప్యాచ్ చేసిన చెడుపు అనుకుంటారు.

మూడో వారానికి హాయిగా ఉంది. ప్యాచ్ ఇంకెందుకనిపించింది. అది మందు పనిచేస్తున్నందువల్ల వచ్చిన హాయి. మెదడు నికోటిన్ తగ్గుదలకు ఇంకా పూర్తిగా సర్దుకోలేదు, సిగరెట్టు లేకుండా భోజనం ముగించడం, కోపం దిగమింగడం లాంటి కొత్త అలవాట్లు ఇంకా కుదురుకోలేదు. డాక్టరు మాట మీద కొనసాగించాడు. నాలుగో వారంలో బంధువుల పెళ్లిలో బావమరిది చేతిలోది తీసుకుని ఒక సిగరెట్టు తాగేశాడు.

ఇక్కడే చాలామంది రెండు తప్పులు చేస్తారు. ప్యాచ్ ఉండగా సిగరెట్టు తాగితే గుండె ఆగిపోతుందని భయపడి ప్యాచ్ పీకేస్తారు. లేదా ఎలాగూ తాగేశాం కదా అని మొత్తం వదిలేస్తారు. ప్యాచ్ వచ్చిన కొత్తలో, 1992లో, ఆ గుండెపోటు భయం అమెరికా పత్రికల్లో బాగా వ్యాపించింది. తర్వాత జరిగిన పరిశోధనలు దాన్ని నిలబెట్టలేదు. ప్యాచ్, గమ్ వాడుతూ సిగరెట్టు తాగడం వల్ల చెప్పుకోదగ్గ ప్రమాదం కనిపించలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ప్రకటించి, పెట్టెల మీద హెచ్చరికలు మార్చమంది. మన ఉదాహరణలోని మనిషి ప్యాచ్ తీయలేదు. మర్నాడు యథాప్రకారం కొత్త ప్యాచ్ పెట్టుకుని, పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు జేబులో గమ్ వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఏడో వారంలో 14 మిల్లీగ్రాములకు, తొమ్మిదో వారంలో 7కు దిగాడు. పదో వారం చివర ప్యాచ్ ఆగింది. గమ్‌లు రోజుకు ఐదు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి తగ్గి పన్నెండో వారానికి ముగిశాయి.

తక్కువైందా, ఎక్కువైందా

మోతాదు చాలకపోతే తెలిసిపోతుంది. రోజంతా సిగరెట్టు ధ్యాసే ఉంటుంది, చిరాకు తగ్గదు, మధ్యమధ్య తాగేస్తుంటారు. అప్పుడు ముందు నమిలే తీరు, టీ, కాఫీల వేళలు సరిచూసుకుని, అప్పటికీ తగ్గకపోతే మోతాదు పెంచమని డాక్టరును అడగాలి. ఎక్కువైతే తల తిరగడం, వికారం, తలనొప్పి, గుండెదడ, చల్లని చెమటలు వస్తాయి. అప్పుడు ప్యాచ్ తీసేసి, గమ్ ఊసేసి, డాక్టరుకు ఫోను చేయాలి. ప్యాచ్ పెట్టిన చోట కొంచెం ఎర్రబడటం, దురద మామూలే, చోటు మార్చుతుంటే సర్దుకుంటుంది. బొబ్బలెక్కినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా వాడకం ఆపాలి.

కట్టుడు పళ్లున్నవాళ్లకు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లకు గమ్ పనికిరాదు, ప్యాచ్ మేలు. గుండె జబ్బు నిలకడగా ఉన్నవాళ్లు వీటిని వాడొచ్చు. కానీ గత రెండు వారాల్లో గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె లయ తీవ్రంగా తప్పినవాళ్లు, ఛాతీ నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నవాళ్లు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ముట్టుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు కూడా సొంతంగా కొనుక్కోకూడదు. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక వ్యాధికి క్లోజపిన్ వాడేవాళ్లు పొగ మానబోతున్నట్టు ముందే డాక్టరుకు చెప్పాలి. కెఫీన్ లాగే ఆ మందులూ పొగ ఆగాక ఒంట్లో పెరుగుతాయి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

సిగరెట్టు పోయి గమ్‌కు అలవాటు పడతామేమోనన్న అనుమానం సహజం. కొద్దిమంది 12 వారాలు దాటాక కూడా గమ్ వదలలేరు. రోజుకొకటి తగ్గించుకుంటూ, ఆ వేళకు చక్కెర లేని మామూలు చూయింగ్ గమ్ వేసుకుంటే చాలామందికి కుదురుతుంది. ఇంకొన్ని నెలలు పట్టినా కంగారు పడనక్కర్లేదు. మళ్లీ పొగకు పోవడం కన్నా గమ్ కొనసాగించడమే ఎన్నో రెట్లు మేలు.

ఏం ఆశించాలి

వైద్య పరిశోధనల ఫలితాలను కూర్చి తూచే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2023లో ఈ మందులన్నిటినీ పోల్చి చూసింది. ఏ మందూ లేకుండా మానాలని పూనుకున్న 100 మందిలో ఆరు నెలలు, అంతకు మించి పొగకు దూరంగా ఉండగలిగినవాళ్లు సుమారు 6గురు. ప్యాచ్ గానీ గమ్ గానీ ఒక్కటే వాడితే సుమారు 9 మంది. రెండూ కలిపి వాడితే సుమారు 12 మంది. వరెనిక్లిన్ అనే మాత్ర ఇంకొంచెం మెరుగ్గా ఉంది, దాన్ని డాక్టరే రాయాలి.

ఈ అంకెలను తిప్పి చూస్తే, రెండూ వాడినా వందలో ఎనభై మందికి పైగా ఆ ప్రయత్నంలో నిలవలేదు. దీన్ని దాచి, గమ్ వేసుకుంటే చాలని చెప్పడం మోసం. అలాగని తీసిపారేయడమూ తప్పే. మందు లేకుండా ఆరుగురు గట్టెక్కే చోట, రెండూ కలిపి సరిగ్గా వాడితే పన్నెండు మంది గట్టెక్కుతున్నారు. అవకాశం రెట్టింపయింది. దానికి కౌన్సెలింగ్ తోడైతే ఇంకా పెరుగుతుంది. పైగా ఈ లెక్క ఒక్క ప్రయత్నానిది. పూర్తిగా మానినవాళ్లలో ఎక్కువమంది అంతకు ముందు ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి తప్పినవాళ్లే. ఒకసారి తప్పితే ఆ మందు తనకు పడదని తేల్చుకోనక్కర్లేదు. క్రితం సారి ఏ వారంలో, ఏ సందర్భంలో తప్పిందో చూసి, ఈసారి ఆ వేళకు మోతాదు, గడువు సరిచేసుకోవాలి.

మందుతో తీరని సంగతులూ ఉన్నాయి. మానిన ఏడాదిలో సగటున నాలుగైదు కిలోల బరువు పెరగడం మామూలు. గమ్, ప్యాచ్ వాడినంత కాలం అది కొంచెం ఆలస్యమవుతుందే తప్ప పూర్తిగా ఆగదు. తిండీ, నడకా చూసుకోవాలి. స్నేహితుల గుంపు, టీ బంకు, రాత్రి ప్రయాణం లాంటి చోట్ల చెయ్యి జేబులోకి వెళ్లే అలవాటును ఏ ప్యాచూ మాన్పలేదు. ఆ చోట్లకు, ఆ వేళలకు వేరే పని ముందే అనుకుని ఉండాలి. తహతహ ఎంత బలంగా వచ్చినా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఆ నిమిషాలు దాటించేదాకా లేచి నాలుగడుగులు వేయడం, నీళ్లు తాగడం, ఇంటికి ఫోను చేయడం, ఏదైనా పనికొస్తుంది.

నికోటిన్ గమ్, ప్యాచ్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశం 2022లో తన జాతీయ జాబితాలో చేర్చుకుంది. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు నడుస్తున్నాయి. మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా అక్కడ అడగొచ్చు. సిగరెట్టు పెట్టె మీద ముద్రించే 1800-11-2356 నంబరు ఉచితం. ఫోను చేస్తే సలహాదారులు మాట్లాడతారు.

గమ్ వాడి లాభం లేదని వదిలేసినవాళ్లు మీ ఇంట్లోనో, మీ ఆఫీసులోనో ఉంటే, వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఎలా నమిలారు? రోజుకు ఎన్ని వేసుకున్నారు? ఎన్ని వారాలు వాడారు? ఈ మూడింటిలో ఒక్కదానికైనా సరైన జవాబు రాకపోతే, వాళ్లు ఆ మందును ఇంకా సరిగ్గా వాడి చూడలేదన్న మాట. ఈసారి డాక్టరును కలిసి, ప్యాచ్, గమ్ రెండూ తీసుకుని, పూర్తి 12 వారాలు వాడమని చెప్పండి.